మూడో తరగతి పిల్లోడు చదవడంలో స్లో, పీటీఎంలో వాళ్ళమ్మానాన్నకి ఎట్ల చెప్పాలి? స్క్రిప్ట్ ఉంటే పెట్టండి

కొత్తటీచరమ్మ

అందరికీ నమస్తే. కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక ఊళ్ళో ఎంపీపీ స్కూల్లో ఎస్‌జీటీని, మూడో తరగతి నాది. వచ్చే వారం పీటీఎం ఉంది. క్లాసులో ఒక పిల్లోడున్నాడు, ఎనిమిదేళ్ళు నిండినాయి, చదవడం చాలా స్లో. రెండో తరగతి వాచకంలోంచి తెలియని పేరా ఇస్తే నిమిషంలో పదకొండు మాటలు చదివినాడు, అందులో నాలుగు తప్పు. జూన్‌లో అయితే అక్షరం అక్షరం పలికి ఆగిపోయేవాడు, మాట కలిపేవాడే కాదు, కాబట్టి ఏమీ రాలేదు అనడానికీ లేదు, బాగుంది అనడానికీ లేదు.

వాళ్ళమ్మానాన్న కూలికి పోతారు, ఇద్దరికీ చదువు రాదు. సంక్రాంతి అయినాక గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకి పోయి ఉగాది దగ్గర తిరిగొస్తారు, పిల్లోన్ని కూడా తీసుకుపోతారు. నిరుడు మీటింగ్‌లో అప్పటి టీచరు అందరి ముందర "మీ వోనికి ఏం రాదు" అన్నారంట, ఆ తల్లి మారు మాట్లాడకుండా లేచి పోయిందంట. ఈసారి వస్తుందో లేదో కూడా తెలీదు, వస్తే మాత్రం మళ్ళీ అట్ల జరక్కూడదు.

నాకు కావాల్సింది ఏమంటే మొదటి మాట ఏం అనాలి, వెనకున్నాడు అనే ముక్క దాచకుండా ఎట్ల చెప్పాలి, వాళ్ళని ఏం అడగాలి. పది నిమిషాలకి మించి టైం ఉండదు, బయట ముప్పై మంది వెయిటింగ్.

బెజవాడ_సార్

మేడం ఇది చాలా సింపుల్. మా ప్రైవేట్ స్కూల్లో ట్రైనింగ్ ఇచ్చారు, ముందు ఒక మంచి మాట, మధ్యలో ప్రాబ్లం, చివర మళ్ళీ ఒక మంచి మాట. "మీ బాబు చాలా యాక్టివ్, కానీ రీడింగ్‌లో కొంచెం వీక్, అయినా మంచి పిల్లాడు" అంతే. పేరెంట్ హర్ట్ అవ్వరు. ఇంకోటి, చేతిలో డేటా ఉండాలి. నిపుణ్ భారత్ లెక్క ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 మాటలు చదవాలి, మీ వాడు పదకొండు, ఈ రెండు నంబర్లు చూపిస్తే వాళ్ళకే సీరియస్‌నెస్ అర్థమవుతుంది.

గోదారి_గట్టు

మేడం మీకు పీటీఎం ఫొటోలు యాప్‌లో అప్‌లోడ్ అవుతున్నాయా? మాకు నిరుడు తొంభై శాతం దగ్గర ఆగిపోయి రాత్రి పది దాకా స్కూల్లోనే కూర్చున్నాం. సైజ్ తగ్గించి పెడితే ఎక్కుతుందా?

కొత్తటీచరమ్మ

సార్ నేను అడిగింది ఫొటోల గురించి కాదు 🙂 సైజ్ తగ్గిస్తే ఎక్కింది మాకు.

పాతబడి_మాస్టారు

అమ్మా, స్క్రిప్ట్ ఇస్తాను గానీ ముందు రెండు విషయాలు చెప్పు. తప్పు చదివిన ఆ నాలుగు మాటలు ఏవి? వాడు ఏమని చదివాడు? అవి రాసుకున్నావా? రెండోది, అదే పేరా నువ్వే చదివి వినిపించి ప్రశ్నలు అడిగితే జవాబు చెప్తాడా?

ఈ రెండూ తెలియకుండా మీటింగ్‌లో కూర్చుంటే మన నోట్లోంచి వచ్చేది "వీక్" ఒక్కటే. దాంతో ఆ తల్లి ఏం చేసుకుంటుంది? జ్వరం అని తెలిసిన వాళ్ళకి జ్వరం అని చెప్పి పంపినట్టు.

కొత్తటీచరమ్మ

రాసుకున్నా సార్. చెట్టుని చెటు అన్నాడు, గడ్డిని గడి, మబ్బుని మబు, పుస్తకంని పుసకం. గుణింతాలు దాదాపు వచ్చు, దీర్ఘాలు అప్పుడప్పుడు మిస్ అవుతాడు అంతే. విచిత్రం ఏమంటే అమ్మ, అక్క, అన్నం మాత్రం కరెక్ట్‌గా చదువుతాడు.

కథ నేను చదివి చెప్తే అందరికన్నా ముందు వాడే చెయ్యెత్తుతాడు. మొన్న నక్క కథలో నక్క ఎందుకు అబద్ధం చెప్పింది అంటే క్లాసులో సరైన జవాబు వాడిదే.

పాతబడి_మాస్టారు

అదీ సంగతి. మరి ఒకటి చేసి చూడు, "కన్నం" అని రాసి చదవమను. కనం అంటాడు చూడు. అన్నం వాడు చదవడం లేదు, రోజూ చూసి చూసి బొమ్మ లాగా గుర్తుపట్టేస్తున్నాడు. ఒత్తు కనిపిస్తోంది గానీ దాన్ని పలకాలని వాడికి తెలియదు.

కాబట్టి ఆ తల్లికి చెప్పాల్సింది "చదువు రాదు" కాదు. మాట కింద ఒత్తు వస్తే ఆగుతున్నాడు, అంతే. ఇది అబద్ధం కాదు, మెత్తగా చెప్పడం కూడా కాదు, ఉన్న సంగతే ఇంత చిన్నది. కథ అర్థం చేసుకుంటున్నాడు కాబట్టి తెలివికి లోటు లేదు అన్నది కూడా నువ్వు మెచ్చుకోలుగా కాదు, రుజువుతో చెప్పగలవు.

బెజవాడ సార్ గారూ, ఏదో ఒక మంచి సంగతి ఉండాలి అన్నది నిజమే. కానీ "యాక్టివ్, మంచి పిల్లాడు" అంటే ఏ పిల్లాడికైనా అతుకుతుంది, తల్లులకి తెలుసు, వాళ్ళు ఆ "కానీ" కోసమే కాచుకుని ఉంటారు. 60 లెక్క మీ మాట కరెక్టే, లక్ష్యం అదే. అయితే అది టీచర్ డైరీలో ఉండాల్సిన అంకె. చదువు రాని తల్లికి పదకొండు, అరవై అని చెప్తే అరవైలో పదకొండు మార్కులు అనుకుంటుంది. అదీగాక తెలుగులో "చదువుకుంటున్నారు" కూడా ఒక మాటే, "ఆవు" కూడా ఒక మాటే, పేరా మారితే అంకె మారిపోతుంది. ఒకే రకం పేరాతో జూన్‌కీ ఇప్పటికీ పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

స్క్రిప్ట్ రాత్రికి పెడతాను, కరెంట్ పోయేట్టుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి

నేను టీచర్ని కాదు, తల్లిని, హైదరాబాద్. మా పాపకి రెండో తరగతిలో రిపోర్ట్ మీద "ఇంప్రూవ్ అవ్వాలి, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అని రాసి పంపారు, మీటింగ్‌లో కూడా అదే చెప్పారు. ఏం ప్రాక్టీస్ అంటే "రోజూ చదివించండి" అన్నారు. నేను డిగ్రీ చదివాను, నాకే ఏం చదివించాలో తెలియక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా రోజూ కూర్చోబెట్టి చదివించేదాన్ని, అది ఏడుస్తుంటే నేను అరవడం, నెల తిరిగేసరికి పుస్తకం చూస్తేనే కడుపునొప్పి అనేది. అప్పుడు ఎవరైనా "అమ్మా, ఈ పది మాటలే, ఇంతసేపే, తర్వాత మూసేయండి" అని ఉంటే బావుండేది. ఎప్పుడు ఆపాలో కూడా చెప్పండి మేడం, దయచేసి. తల్లిదండ్రులకి అది తెలియదు.

తొలిమెట్టు_టీచర్

మాది నల్లగొండ దిక్కు. మా దగ్గర 2022ల తొలిమెట్టు మొదలైనప్పటి సంది బేస్‌లైన్ పెట్టి ఎవలు ఏ లెవెల్ల ఉన్నరో రాసుకుంటున్నం, కాబట్టి మేడం చేసిన పని నాకు తెల్సు. నా అనుభవం ఒకటి చెప్త. పిల్లగాన్ని మీటింగ్‌ల కూసోబెట్టుకోండి. వాని గురించి వాడు లేకుంట మాట్లాడితే ఇంటికి పోయినంక తల్లి ఏం చెప్తదో, తండ్రి ఏం ఇంటడో మనకు తెల్వది. వాని ముందే నువ్వు ఇది చేస్తవు, నేను ఇది చేస్త అని ఒప్పందం చేస్కుంటే మంచిగుంటది.

పాతబడి_మాస్టారు

తొలిమెట్టు టీచర్ గారితో సగం ఒప్పుకుంటాను. మొదటి ఐదు నిమిషాలు పిల్లాడు బయట ఉండాలి. తల్లికి కోపమో ఏడుపో వస్తే వాడు చూడకూడదు, వెనకున్నాడు అనే మాట వాడి చెవిన అందరి మధ్యలో పడకూడదు. పని పంచుకునే టైంకి పిలవండి. అయితే తల్లి ముందు చదివి చూపించమని మాత్రం అడక్కండి, ఎంత చిన్న మాటైనా సరే. అక్కడ తడబడితే ఆ తల్లికి మనం చెప్పిందంతా పోయి అదొక్కటే గుర్తుంటుంది.

ఇదిగో స్క్రిప్ట్. మాటలు మీ ఊరి యాసలోకి మార్చుకో అమ్మా, నేను రాసింది రాసినట్టు చదివితే రేడియోలో వార్తల్లా ఉంటుంది.

కూర్చోగానే: "రండమ్మా, కూర్చోండి. కూలి మానుకుని వచ్చినారు, పది నిమిషాల్లో పంపిస్తా. ముందు మీరు చెప్పండి, ఇంటికాడ బడి గురించి ఏమంటాడు మీ వోడు?" ఇక్కడ నోరు మూసుకోవాలి. ఏం చెప్పినా, ఫోన్ చూస్తాడు అన్నా, మాట వినడు అన్నా, మధ్యలో అడ్డు రావద్దు. నిరుడు జరిగినదాని గురించి ఆమె ఎత్తితే "అట్ల అనకుండా ఉండాల్సింది అమ్మా" అని ఊరుకో, ఆ టీచర్ని వెనకేసుకు రావద్దు, తిట్టనూ వద్దు.

తర్వాత నోట్ పుస్తకం తీసి జూన్ పేజీ ఒకటి, ఈ నెల పేజీ ఒకటి పక్కపక్కన పెట్టు. చదువు రాకపోయినా చేతిరాత తేడా కంటికి కనిపిస్తుంది. "ఇది బడి తెరిచినప్పుడు. ఇది మొన్న. అప్పుడు అక్షరాలు విడివిడిగా రాసినాడు, ఇప్పుడు మాటలు రాస్తున్నాడు. కథ చెప్తే నక్క ఎందుకు అబద్ధం ఆడిందో క్లాసులో వీడే చెప్పినాడు."

ఇక అసలు ముక్క, "కానీ" లేకుండా: "ఇప్పుడు ఆగిపోయింది ఎక్కడంటే, మాట కింద ఒత్తు వస్తే పలకడం లేదు. చెట్టుని చెటు అంటాడు. తక్కిన పిల్లలు ఇది రెండో తరగతిలో నేర్చుకున్నారు, వీడు ఇప్పుడు నేర్చుకోవాల. వెనకున్నాడు, ఆ మాట మీకు దాచను. ఎక్కడున్నాడో తెలిసింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా."

వెనకున్నాడు అనే మాట ఒక్కసారి, స్పష్టంగా. రెండోసారి అనక్కర్లేదు. అసలు అనకపోతే మాత్రం ఏడాది చివర "ముందే ఎందుకు చెప్పలేదు" అంటారు, ఆ అడగడం న్యాయమే. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 24 కింద హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి ఈ మూడూ తల్లిదండ్రులతో కలిసి చెప్పడం టీచర్ డ్యూటీయే.

తర్వాత ఒక్క ప్రశ్న: "నిరుడు మీరు ఏ నెలలో పోయినారు, ఏ నెలలో తిరిగొచ్చినారు?" ఎందుకు పోయారు అని కాదు. ఆ నెలల్లో రెండో తరగతి టీచరు ఏ పాఠం చెప్పారో నువ్వు ముందే చూసుకుని ఉండు. ఒత్తులు అప్పుడే అయి ఉంటే ఆ తల్లికే తట్టుతుంది, మనం వేలు చూపించాల్సిన పని ఉండదు.

ఆఖర్న పని పంచుకోవడం. పిల్లాణ్ణి పిలువు. "నేను రోజూ ప్రార్థన అయినాక పావుగంట వీడికి ఒత్తులు చెప్తా. మీరు రాత్రి అన్నం తిన్నాక వీడు పది మాటలు చదువుతుంటే వినండి. అంతే." ఆమె అనేది ఖాయం, "మాకు చదువు రాదు కదమ్మా, తప్పో ఒప్పో ఎట్ల తెలుస్తాది" అని. దానికే ఈ ఉపాయం: చీటీకి ఒక వైపు మాట, వెనక వైపు బొమ్మ. చెట్టు, గడ్డి, రొట్టె, మొగ్గ, బొట్టు, జుట్టు, ఇలా బొమ్మ గీయగలిగినవే ఏరుకో. వాడు మాట చదువుతాడు, అమ్మ బొమ్మ చూస్తుంది, కలిస్తే ఒక పక్క, కలవకపోతే ఇంకో పక్క పెడుతుంది. కలవనివి మర్నాడు బడికి తెస్తాడు, అవే నీకు పాఠం. పది చీటీలు అయ్యాక ఆపేయాలి, పైన ఆ తల్లి చెప్పినట్టు అది గట్టిగా చెప్పు.

లేచే ముందు: "ఇంటికాడ వాళ్ళ నాయనకి ఏం చెప్తారమ్మా?" ఆమె తన మాటల్లో ఏం చెప్తుందో అదే నీ మీటింగ్ ఫలితం. "చదువు రాదంట" అంటే నువ్వు ఇంకోసారి చెప్పాలి. "ఒత్తుల కాడ ఆగుతున్నాడంట" అంటే చాలు.

కొత్తటీచరమ్మ

సార్ చాలా థాంక్స్. కన్నం రాసి చూపించినా, కనం అనే అన్నాడు!! నాకు నవ్వాలో ఏం చేయాలో తెలీలేదు.

ఏ ఒత్తుతో మొదలుపెట్టాలి? వాచకంలో అన్నీ ఒకేసారి ఉన్నాయి.

పాతబడి_మాస్టారు

అక్షరం పోలిక ఉన్న ఒత్తులు ముందు. ట, డ, చ, గ ఒత్తులు చూడు, దాదాపు అదే అక్షరం, తలకట్టు ఉంటే అది తీసేసి, చిన్నగా కింద పెట్టినట్టు ఉంటాయి. చెట్టు, గడ్డి, పచ్చ, మొగ్గ. త, న, మ, య, ర, ల ఒత్తులకి అక్షరంతో పోలికే ఉండదు, పిల్లాడు అవి కొత్తగా నేర్చుకోవాల్సిందే, వాటిని తర్వాత ఒక్కొక్కటిగా. ద్విత్వాలు కుదిరాకే సంయుక్తాలు. పుస్తకం, చంద్రుడు లాంటివి ఇప్పుడే ముట్టుకోకు.

సైకాలజీ_స్టూడెంట్

అందరూ ఒక విషయం మిస్ అవుతున్నారు అనిపిస్తోంది. తెలివి ఉంది, వినికిడి అవగాహన ఉంది, చదవడం మాత్రం రావట్లేదు, ఇది క్లాసిక్ డిస్లెక్సియా. మేడం ఆ పేరెంట్స్‌కి మీటింగ్‌లోనే చెప్పి టెస్ట్‌కి పంపిస్తే మంచిది, ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది కదా. స్పెసిఫిక్ లర్నింగ్ డిసెబిలిటీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఉంది.

భవిత_టీచర్

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రంలో ఐఈఆర్‌టీగా, అంటే వాళ్ళకి చెప్పే టీచర్‌గా చేస్తున్నాను. తమ్ముడూ, చట్టంలో ఉంది, త్వరగా తెలిస్తే మంచిది, రెండూ నిజమే. ఎనిమిదేళ్ళు లేదా మూడో తరగతి దగ్గర టీచర్ స్క్రీనింగ్ చేయాలన్నది కూడా ఉంది, అంటే ఈ పిల్లాడి వయసే. కానీ మీటింగ్‌లో ఆ పేరు ఎత్తడం మాత్రం వద్దు. డయాగ్నోసిస్ టీచర్ ఇచ్చేది కాదు, నేను ఇచ్చేది కూడా కాదు. ఊళ్ళో ఆ పేరు "మెంటల్" అని తిరిగి వస్తుంది, నేను కళ్ళారా చూశాను.

అదీగాక ఈ పిల్లాడికి ఒత్తులు చెప్పే నెలల్లో బడిలోనే లేడేమో అనే అనుమానం ఉంది. చెప్పనిది రాకపోతే దాన్ని లోపం అనలేం. ముందు నేర్పి చూడాలి. మాస్టారు చెప్పిన పావుగంట రోజూ సరిగ్గా జరిగాక కూడా ఆరేడు వారాల్లో ద్విత్వాలే పట్టుబడకపోతే, లేదా ఈ రోజు వచ్చింది రేపటికి పూర్తిగా చెరిగిపోతుంటే, అప్పుడు నాలాంటి వాళ్ళని పిలవండి. ఈలోపు రాసుకున్న రికార్డ్ అప్పుడు చాలా ఉపయోగం.

కన్ను, చెవి మాత్రం ఇప్పుడే చూడండి. ఒత్తు అంటే లైన్ కింద చిన్నగా ఉండేది, కళ్ళు సరిగా కనపడని పిల్లలు మొదట పోగొట్టుకునేది దాన్నే. బోర్డు మీద చెట్టు అని చెయ్యంత పెద్దగా రాసి దగ్గరికి పిలిచి చదవమనండి. పెద్దగా రాసినప్పుడు సరిగ్గా చదివితే అది చూపు సమస్య కావచ్చు. అయినా చెటు అంటే చూపు కాకపోవచ్చు, కానీ పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీమ్ బడికి వచ్చినప్పుడు మాత్రం వాడి పేరు ముందు రాయండి. చెవి సంగతి, వెనక నిలబడి మెల్లగా "గడి తేవాలా గడ్డి తేవాలా" అని రెండూ చెప్పించండి, తేడా పలుకుతాడా లేదా.

కొత్తటీచరమ్మ

పెద్దగా రాసినా చెటు అనే అన్నాడు మేడం. గడి గడ్డి తేడా మాత్రం వెనక నుంచి చెప్పినా కరెక్ట్‌గా పలికినాడు. రెండో తరగతి టీచర్ డైరీ చూసినా, ద్విత్వాలు జనవరి ఆఖర్న మొదలుపెట్టి ఫిబ్రవరి అంతా చెప్పినారు. హాజరు పట్టీలో ఆ నెలంతా వీడికి ఆబ్సెంటే.

ఇంకో డౌట్. ఇక్కడ తల్లులు ఎప్పుడూ అనే మాటలు మూడు. "కొట్టి చెప్పండి మేడం, నేనేం అనను". "ఇంకో ఏడాది మూడులోనే కూచోబెట్టండి". "వాళ్ళ పిన్ని కొడుకు ప్రైవేట్‌లో ఇంగ్లీషు గడగడ చదువుతాడు, మావోడు ఎప్పుడు". వీటికేం చెప్పాలి?

పాతబడి_మాస్టారు

కొట్టమంటే "కొడితే ఒత్తు రాదమ్మా, నేను పుస్తకం తియ్యగానే భయం వస్తుంది" అను చాలు. చట్టం ఒప్పుకోదన్నది నిజమే గానీ ముందు చట్టం చెప్తే "చట్టం లేకపోతే కొట్టేవాళ్ళే" అనుకుంటారు.

అదే తరగతిలో ఉంచడం కుదరదు, విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కూడా ఆపే వీలు ఐదు, ఎనిమిది తరగతుల్లోనే. "కూర్చోబెడితే అవే పాఠాలు మళ్ళీ వింటాడు, వీడికి కావాల్సింది రెండో తరగతిలో పోయిన ఆ ఒక్క పాఠం" అని చెప్పు.

ఇంగ్లీషు ప్రశ్న కష్టమైనదే. ఇప్పుడు మీడియం ఇంగ్లీషు, పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు ఒక పేజీ తెలుగు, తల్లికి ఇంగ్లీషే కావాలి. "ఇంట్లో మాట్లాడే భాష చదవడం వస్తే రెండోది పట్టుకోవడం తేలిక, ఈ రెండు నెలలు తెలుగు ఒత్తుల మీదే ఉంటాను" అని చెప్పగలవు. ఆమె ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను.

బెజవాడ_సార్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ సార్, అసలు సమస్య వలస. మళ్ళీ జనవరిలో తీసుకుపోతే ఈ చీటీలు, పావుగంట అన్నీ గంగపాలు. మీటింగ్‌లో స్ట్రెయిట్‌గా "పిల్లాణ్ణి తీసుకుపోవద్దు" అని చెప్పాలి. మొహమాటం దేనికి?

కోసిగి_కుర్రోడు

సార్ నేను అట్లా పోయిన ఇంట్లోంచి వచ్చినోన్నే. మా అమ్మకి కూడా ప్రతి ఏడు ఎవరో ఒకరు తీసుకుపోవద్దు అని చెప్పేవాళ్ళు. ఎవరి కాడ వదలాల, అన్నం ఎవరు పెడతారు, జరమొస్తే ఎవరు చూస్తారు, ఇవి మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఈడ పని ఉంటే ఎవరు పోతారు సార్ ఆ ఎండలో. తీసుకుపోవద్దు అంటే ఆయమ్మ వచ్చే మీటింగ్‌కి రాదు అంతే.

మేడం, మీ మండలంలో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ పెడతారేమో ఎంఈఓ ఆఫీసులో మీటింగ్‌కి ముందే అడగండి. ఉంటే ఎప్పుడు తెరుస్తారు, రాత్రి ఎవరుంటారు, అది తెలుసుకుని చెప్పండి. ఉత్త మాట చెప్పొద్దు. ఇంట్లో అవ్వ ఉందా?

కొత్తటీచరమ్మ

అవ్వ ఉంది, కానీ ఆమెకి కండ్లు సరిగా కనపడవంట. హాస్టల్ సంగతి అడుగుతా అన్నా.

తొలిమెట్టు_టీచర్

గిది స్క్రిప్ట్‌ల పెట్టుకోండి మేడం: "తీస్కపోతరా, ఉంచుతరా అని ఇయ్యాల చెప్పకండి, ఇంట్ల మాట్లాడుకోని పండగకు ముందు చెప్పండి. ఏది చేసినా నేను ఒక పని చేసి పెడ్త." నిర్ణయం మీటింగ్‌ల అడిగితే ఊ అంటరు, పోతరు. మాకు చానసార్లు గట్లనే అయింది.

కొత్తటీచరమ్మ

మీటింగ్ అయిపోయింది, అందరికీ చెప్పాలి కదా అని రాస్తున్నా.

తండ్రి రాలేదు. అమ్మ, అవ్వ ఇద్దరూ వచ్చినారు, అమ్మ వాకిలి కాడే నిలబడింది, కూర్చోమంటే "చెప్పండి మేడం పోతా" అనింది. నేను మాస్టారు చెప్పినట్టు ఇంటి సంగతి అడిగినా. చాలాసేపు ఏమీ చెప్పలే. ఆ తర్వాత, వాడు ఇంట్లో నక్క కథ చెల్లెలికి రోజూ చెప్తాడు, నక్క లాగా అరుస్తాడు అని చెప్పి నవ్వింది, అప్పుడు కూర్చుంది.

నోట్ పుస్తకం రెండు పేజీలు చూసి వేలితో తడిమి చూసింది. ఒత్తుల సంగతి చెప్తే "అంటే అక్షరాలు వస్తాయా వానికి?" అని రెండుసార్లు అడిగింది. ఆమె ఇన్నాళ్ళూ అక్షరాలే రావు అనుకుంటోంది. నెలల సంగతి అడిగితే తనే "మేము లేనప్పుడు చెప్పినారా ఇది" అనింది, నేను అవునన్నా, అంతకన్నా ఏం అనలే.

చీటీలు అవ్వకి నచ్చినాయి గానీ ఆమెకి బొమ్మ కనపడదు కదా, అమ్మ చూస్తాననింది. నాయనకి ఏం చెప్తావు అంటే "కింద ఒత్తులు నేర్చుకుంటే చాలంట అని చెప్తా" అనింది. చాలంట అనేది ఎక్కువే అయింది, దీర్ఘాలు కూడా ఉన్నాయి, సంయుక్తాలు ఉన్నాయి. సరిచేయాలా అని ఆలోచించి చేయలే. చేయాల్సిందా?

ఇంగ్లీషు సంగతికి మాత్రం ఒప్పుకోలే, మొహం అట్లనే పెట్టింది. హాస్టల్ మా మండలంలో ఈసారి ఉంటుందో లేదో ఇంకా ఆర్డర్ రాలేదంట. వలస విషయం పండగ ముందు చెప్తామన్నారు.

భవిత_టీచర్

సరిచేయండి, కానీ ఇప్పుడు కాదు, పండగ ముందు కలిసినప్పుడు. "ఒత్తులు ఇంత వచ్చినాయి, ఇంకో మెట్టు ఉంది" అంటే సరిపోతుంది. చాలంట అనే మాట అలా వదిలేస్తే ఏప్రిల్‌లో మీరు మాట తప్పినట్టు అవుతుంది.

నోట్స్ ఈరోజే రాసుకోండి, రేపటికి మర్చిపోతారు. తారీఖు, ఎవరు వచ్చారు, మీరు చెప్పింది ఒక వాక్యం, ఆమె అన్నది ఆమె మాటల్లోనే, ఎవరు ఏం చేస్తారు, మళ్ళీ ఎప్పుడు. "తల్లి ఆసక్తి చూపలేదు" లాంటి తీర్పులు రాయొద్దు. వాకిలి దగ్గర నిలబడింది, తర్వాత కూర్చుంది అని రాయండి, చూసినది చూసినట్టు.

పాతబడి_మాస్టారు

నేనైతే చాలంట అన్నదాన్ని అప్పుడే సరిచేసేవాణ్ణి. భవిత మేడం చెప్పినదాంట్లో కూడా న్యాయం ఉంది. ఎవరిది కరెక్టో పండగకి తెలుస్తుందేమో.

ఇంగ్లీషు ముచ్చట మళ్ళీ ఎత్తకు. చీటీల్లో రెండు మూడు వాడికి ముందే తెలిసిన ఇంగ్లీషు మాటలు కలుపు, బస్, పెన్ లాంటివి. ఆమె కోరిందీ దాంట్లో ఉన్నట్టు ఉంటుంది.

కోసిగి_కుర్రోడు

మేడం ఒకవేళ తీసుకుపోతే మాత్రం వట్టి చేతుల్తో పంపొద్దు. నేను గుంటూరు దిక్కు పోయినప్పుడు ఆడ బడికి పోతే ఏ క్లాసు అని అడిగి మూడులో కూచోబెట్టినారు, నాకేం రాదో ఎవరికీ తెలీదు, నాలుగు రోజులు పోయి మానేసినా. ఒక కాగితం రాసి ఆయమ్మ చేతికియ్యండి, ఆడ టీచరమ్మకి చూపించమని.

కొత్తటీచరమ్మ

ఇది బాగుంది అన్నా. ఇట్ల రాసినా, చూసి చెప్పండి:

"టీచర్ గారికి నమస్కారం. ఈ బాబు మూడో తరగతి. అక్షరాలు, గుణింతాలు వచ్చు, దీర్ఘాలు అప్పుడప్పుడు తప్పుతాడు. ట, డ, చ, గ ఒత్తులు ఇప్పుడు నేర్చుకుంటున్నాడు, తక్కినవి ఇంకా మొదలుపెట్టలేదు. అన్నం, అమ్మ, అక్క చూసి గుర్తుపడతాడు, చదవడం కాదు, దయచేసి వాటితో పరీక్షించకండి. కథ చెప్తే బాగా అర్థం చేసుకుంటాడు. వెంట చీటీలు పంపుతున్నాను, వాళ్ళమ్మకి ఎలా వాడాలో తెలుసు. సందేహం ఉంటే ఫోన్ చేయండి."

భవిత_టీచర్

బాగుంది. కూడికలు తీసివేతలు ఎంతవరకు వచ్చో ఒక లైన్ కలపండి, లెక్కల్లో కూడా వాణ్ణి మొదటి నుంచి మొదలుపెట్టించేస్తారు లేకపోతే. కింద మీ స్కూల్ పేరు, హెచ్ఎం సంతకం, స్టాంప్ ఉండాలి, లేకపోతే అక్కడ ఎవరూ పట్టించుకోరు.

గోదారి_గట్టు

మేడం సైజ్ తగ్గిస్తే ఎక్కింది, థాంక్స్. ఆ బొమ్మల చీటీలు ఎవరైనా గీసినవి ఉంటే పెట్టరా, నా క్లాసులో కూడా ఇద్దరున్నారు చెటు గాళ్ళు.